ముహూర్తానికి ముందు రెండు రోజులు: పెళ్లిళ్ల సీజన్‌లో గోరింటాకు సంపాదన

పెళ్లిళ్ల సీజన్‌లో పెద్ద పెట్టుబడి లేకుండా నాలుగు డబ్బులు చూడగలిగే పనులు మూడు: పెళ్లికూతురికీ చుట్టాలకూ గోరింటాకు పెట్టడం, ఇంటినీ మండపాన్నీ అలంకరించడం, బంతుల్లో వడ్డించడం. మూడింటికీ గిరాకీని తెచ్చేది పంచాంగమే అయినా పని పడే రోజులు వేరు. వడ్డన ముహూర్తం రోజునే ఉంటుంది. అలంకరణ ముందు రాత్రి మొదలవుతుంది. గోరింటాకు మాత్రం ముహూర్తానికి ఒకటి రెండు రోజుల ముందే పూర్తి కావాలి.

మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో ఐదు పెళ్లిళ్లు జరిగితే, వడ్డించే మనిషి ఒక్క పెళ్లికే వెళ్లగలడు. గోరింటాకు పెట్టే మనిషికి ఆ ఐదు పెళ్లిళ్లలో రెండింటిని పట్టుకునే వీలుంటుంది. ఒక పెళ్లికూతురు గురువారం సాయంత్రం, ఇంకొకరు శుక్రవారం ఉదయం కూర్చుంటే సరిపోతుంది. అయితే వేళలు ముందే సర్దుకున్నప్పుడే ఇది సాధ్యం. చివరి వారంలో వచ్చే ఫోన్లన్నీ ఒకే సాయంత్రాన్ని అడుగుతాయి. ముందస్తు బుకింగుకు ఈ పనిలో అంత విలువ ఉండటానికి కారణం ఇదే.

పంచాంగం చెప్పే పని దినాలు

తెలుగు హిందూ కుటుంబాల్లో పెళ్లిళ్లు ఎక్కువగా మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం నెలల్లో జరుగుతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మాసాల్లో సాధారణంగా ముహూర్తాలు పెట్టరు. అధిక మాసంలోనూ పెట్టరు. వీటికి తోడు మూఢం ఉంటుంది. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి కంటికి కనిపించని రోజులను మౌఢ్యం అంటారు. వాడుకలో అదే మూఢం.

ఈ ఖాళీలు ఏటా ఒకేలా ఉండవు. 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. మామూలుగా మార్గశిరంలోనూ మాఘంలోనూ దొరికే పని ఆ ఏడు చాలావరకు పోయింది. అదే 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 వరకు పడటంతో వేసవి సీజన్ నడుమ కూడా ఒక నెల ఖాళీ వచ్చింది. ‘మేలో పని బాగా ఉంటుంది’ అని కిందటేడు అనుభవంతో లెక్క వేసుకున్నవారు దెబ్బతినేది ఇలాంటి ఏడాదిలోనే. ఉగాదికి ముందే కొత్త పంచాంగాలు బజారులోకి వస్తాయి. అందులోని వివాహ ముహూర్తాలను ఒక నోటు పుస్తకంలో వరసగా రాసుకుని, ప్రతి ముహూర్తానికీ ముందున్న రెండు రోజులను గీత గీసి పెట్టుకోవడం ఏడాది పనికి మొదటి మెట్టు. గోరింటాకు పెట్టేవారు అమ్ముకునే సరుకు ఆ గీత గీసిన రోజులే.

ఖాళీ నెలలు పూర్తిగా ఖాళీ కానక్కర లేదు. మూఢం పట్టింపు లేని క్రైస్తవ కుటుంబాల్లో డిసెంబరు, జనవరి నెలల్లోనూ పెళ్లిళ్లు జరుగుతాయి. వారు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలను మాత్రం వదిలేస్తారు. హైదరాబాదు ముస్లిం కుటుంబాల్లో రంజాన్, ముహర్రం నెలల్లో పెళ్లిళ్లు అరుదు. మిగిలిన కాలంలో మెహందీ వేడుక తప్పనిసరి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా గోరింటాకు ఆచారం ఉంది. అట్లతద్దికి ముందు రోజూ అంతే. దాని మర్నాడే ఉత్తరాది కుటుంబాల కర్వా చౌత్ వస్తుంది కనుక నగరాల్లో ఆ రెండు రోజులూ చేతినిండా పని ఉంటుంది.

రోజు ఎలా లెక్కపెట్టాలి

తెలుగు పెళ్లిళ్లలో ముహూర్తాలు చాలావరకు రాత్రివేళ పడతాయి. శుభలేఖలో ‘శనివారం రాత్రి 2.10 గంటలకు, తెల్లవారితే ఆదివారం’ అని ఉంటుంది. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా అది శనివారమే. క్యాలెండరు ప్రకారం ఆదివారం. ఫోనులో పెళ్లివారు ‘ఆదివారం పెళ్లి’ అంటే రెండు రోజులు వెనక్కి లెక్కపెట్టి శుక్రవారం రాత్రి రాసుకుంటారు. తీరా శనివారం ఉదయమే మంగళస్నానాలు, పెళ్లికూతురిని చేయడం ఉంటాయి. శుక్రవారం రాత్రి పది గంటలకు పూర్తయిన గోరింటాకు మర్నాడు పొద్దున నారింజ రంగులో ఉండగానే నీళ్లూ నలుగూ మీద పడతాయి. అందుకే బుకింగు తీసుకునేటప్పుడు పెళ్లి తేదీ ఒక్కటే అడిగితే చాలదు. శుభలేఖ ఫొటో పంపమని, స్నానాలు ఏ రోజు ఏ వేళకో చెప్పమని కూడా అడగాలి.

గోరింటాకు రంగు ఎలా ఎక్కుతుందో తెలిస్తే ఈ లెక్క ఎందుకో అర్థమవుతుంది. ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంది. తడి ముద్ద చర్మం మీద ఉన్నంత సేపు అది పైపొరలోకి దిగి, అక్కడి కెరాటిన్ అనే ప్రోటీనుతో కలిసిపోతుంది. ముద్ద రాల్చినప్పుడు కనిపించేది లేత నారింజ రంగే. తరువాత 24 నుంచి 48 గంటల్లో గాలి తగిలి అది ముదురు ఎరుపుగా, కొందరికి కాఫీ గింజ రంగుగా మారుతుంది. ‘పండటం’ అంటే ఈ రెండో దశ. అరచేతిలో చర్మం మందం కనుక అక్కడ బాగా పండుతుంది. మోచేతి దగ్గర అదే ముద్ద, అదే సమయం ఉన్నా రంగు తేలికగానే ఉంటుంది. ఇది పనితనంలో లోపం కాదు. అయినా ముందే చెప్పకపోతే లోపంగానే లెక్కవుతుంది.

శనివారం రాత్రి ముహూర్తానికి గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి ఎనిమిదికల్లా ముగించడం సరైన వేళ. రాత్రంతా ముద్ద చేతి మీద ఉంచి శుక్రవారం ఉదయం రాల్చేస్తే, జీలకర్రా బెల్లం పెట్టే వేళకు రంగు నిండుగా ఉంటుంది. ముద్దను నీళ్లతో కడగకుండా చెంచా వెనుక భాగంతోనో చేతివేళ్లతోనో రాల్చి, కొబ్బరినూనె రాయాలి. తరువాత కనీసం 12 గంటలు చేతులకు నీళ్లు తగలనివ్వకపోతే మంచిది. నలుగుపిండి చర్మపు పైపొరనే రుద్ది తీసేస్తుంది కనుక మంగళస్నానంలో అరచేతులకూ ముంజేతులకూ నలుగు పెట్టకుండా చూడమని పెద్దవాళ్లకు చెప్పి రావాలి. వ్యాక్సింగ్, పెడిక్యూర్ లాంటివి గోరింటాకు కన్నా ముందే అయిపోవాలి. తరువాత చేయిస్తే రంగు ఉన్న పొర కూడా వాటితో పోతుంది.

కోన్‌లో ఏముంది

సంపాదన నిలబడేది డిజైను మీద ఎంతో, ముద్ద మీద కూడా అంతే. పొడికి పేరున్న చోటు రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తలకు పెట్టుకునే హెన్నా పొడి ఈ పనికి రాదు. అందులోని ఈనెలు, నలకలు కోన్ మొనలో ఇరుక్కుని గీత మధ్యలో తెగిపోతుంది. గుడ్డలో జల్లించినంత మెత్తని పొడి కావాలి.

చాలామంది వాడే కొలత ఇలా ఉంటుంది. పొడి 100 గ్రాములు, పంచదార 25 నుంచి 30 గ్రాములు, నీలగిరి తైలం లాంటి సుగంధ తైలం 30 మిల్లీలీటర్లు, నిమ్మరసమో నీళ్లో 250 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ముద్ద ఎండి రాలిపోకుండా పంచదార పట్టి ఉంచుతుంది. తైలం రంగును ముదురు చేస్తుంది. ద్రవాన్ని ఒక్కసారే పోయకుండా, చెంచాతో ఎత్తితే పట్టుదారంలా జారేంత వరకు కొద్దికొద్దిగా కలుపుతారు. వెచ్చని చోట ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నాననిస్తే రంగు విడుదల అవుతుంది. ఆ సంగతి గిన్నెలోనే తెలుస్తుంది: పైపొర గోధుమ రంగుకు తిరిగి, లోపల పచ్చగా ఉంటుంది. అరచేతిలో చుక్క పెట్టి ఐదు నిమిషాలకు తుడిస్తే నారింజ మచ్చ పడాలి. పడకపోతే ఇంకా నానాలి.

పై కొలతకు సుమారు 400 గ్రాముల ముద్ద వస్తుంది. గిన్నెకూ గరిటెకూ అంటుకున్నది పోగా 25 గ్రాముల కోన్లు 14 దాకా చుట్టవచ్చు. బయట ఉంచితే అవి రెండు మూడు రోజుల్లో బలం కోల్పోతాయి. ఫ్రీజరులో మాత్రం నెలల తరబడి నిలుస్తాయి. అందుచేత సీజనుకు ముందే కోన్లు చుట్టి ఫ్రీజరులో పెట్టుకుని, కావలసినన్ని ముందు రోజు రాత్రి బయటకు తీయడం మంచి పద్ధతి. ముహూర్తాల వారంలో ముద్ద కలుపుతూ కూర్చునే తీరిక దొరకదు.

దుకాణాల్లో నెలల తరబడి ఎండలో వేలాడే కోన్ ఎలా చెడకుండా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు అందులోని రసాయనాలే. ‘పది నిమిషాల్లో నల్లగా పండుతుంది’ అని అమ్మేవాటిలో పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం ఉండే ప్రమాదం ఉంది. సహజమైన గోరింటాకు ఎప్పుడూ తీసిన వెంటనే నల్లగా కనిపించదు. పీపీడీ తగిలిన చేతికి మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. రెండోసారో మూడోసారో డిజైను గీసినట్టే బొబ్బలు లేస్తాయి. ఆ తరువాత జుట్టుకు రంగు వేసుకున్నా అలర్జీ వస్తుంది. పెళ్లికి రెండు రోజుల ముందు ఒక అమ్మాయి చేతికి బొబ్బలు లేస్తే ఆ ఊళ్లో ఆ మనిషికి మళ్లీ పని దొరకదు. కోన్ మీద పదార్థాల జాబితా లేకపోవడం, పెట్రోలు లాంటి ఘాటు వాసన, నిమిషాల్లో ముదురు రంగు కనబడితే ఆ సరుకును ముట్టకూడదు. పసిపిల్లలకు సహజమైన గోరింటాకు కూడా పెట్టకపోవడమే క్షేమం. జీ6పీడీ లోపం ఉన్న శిశువుల్లో అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఒక పెళ్లి లెక్క

రేట్లు ఊరిని బట్టి, పనితనాన్ని బట్టి మారతాయి. లెక్క కట్టే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఒక జిల్లా కేంద్రంలో మూడేళ్లుగా పని చేస్తున్న మహిళకు పైన చెప్పిన శనివారం రాత్రి పెళ్లి వచ్చిందనుకుందాం. పెళ్లికూతురికి రెండు చేతులూ మోచేతి వరకు ఇరువైపులా, పాదాలు మడమల పైదాకా. దీనికి ఐదు గంటలు పడుతుంది. రేటు 5,000 రూపాయలు. శుక్రవారం సాయంత్రం చుట్టాలకు కూడా పెట్టాలి. ‘ఓ ఇరవై మంది ఉంటారమ్మా’ అంది పెళ్లికూతురి తల్లి.

ఈ పనిలో లెక్క తప్పేది ఆ ‘ఓ ఇరవై మంది’ దగ్గరే. గోరింటాకు పెడుతున్నారని తెలిస్తే పక్కింటివాళ్లు, పిల్లలు, పెళ్లికొడుకు తరఫున చీర ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా చేయి చాపుతారు. ఎవరినీ కాదనడానికి ఇంటివాళ్లకు నోరు రాదు. అందుకే చుట్టాల పనికి మనుషుల లెక్కన కాకుండా గంటల లెక్కన మాట్లాడుకోవడం మేలు. ఒక చేతికి ఒకవైపు సాదా తీగ డిజైనుకు, మనిషి వచ్చి కూర్చుని లేవడంతో సహా ఎనిమిది నిమిషాలు పడుతుంది. గంటకు ఏడు చేతులు. ఇద్దరు కూర్చుంటే మూడు గంటల్లో 42 చేతులు. అంటే ఇరవై ఒక్క మందికి రెండేసి చేతులు. ‘ఇద్దరం మూడు గంటలు, 4,000 రూపాయలు. ఆపైన ప్రతి గంటకూ 1,300’ అని చెబితే మాట స్పష్టంగా ఉంటుంది. జనం పెరిగితే ఒక్కొక్కరికి ఒక చేయి చాలని ఇంటివాళ్లే సర్దుకుంటారు. లేదా ఇంకో గంటకు డబ్బు ఇస్తారు.

ఇప్పుడు రాబడి: పెళ్లికూతురిది 5,000, చుట్టాలది 4,000, రానుపోను ఆటోకు వారిచ్చేది 500. మొత్తం 9,500. ఖర్చు: పెళ్లికూతురికి ఎనిమిది, చుట్టాలకు తొమ్మిది, చేతిలో ఒకటి అదనంగా, మొత్తం 18 కోన్లు. సొంతంగా చుట్టుకుంటే ఒక్కోటి 22 రూపాయలు పడిందనుకుంటే సుమారు 400. సహాయకురాలికి 1,000. రెండు రోజుల ఆటో 800. మొత్తం 2,200. మిగిలేది 7,300. దీనికి పట్టిన సమయం: పెళ్లికూతురి దగ్గర ఐదు గంటలు, చుట్టాల దగ్గర మూడు, దారిలో రెండు, ముద్ద కలపడానికీ కోన్లు చుట్టడానికీ మూడు. మొత్తం 13 గంటలు. గంటకు 560 రూపాయలు.

అదే పెళ్లిని ‘అన్నీ కలిపి 8,000’ అని ఒప్పుకుంటే ఏమవుతుందో చూడాలి. ముప్పై అయిదు మంది వచ్చారు. 70 చేతులకు ఇద్దరు ఐదు గంటలు కూర్చోవాలి. సహాయకురాలికి 1,500, కోన్లకు 550, ఆటోకు 800 పోతే మిగిలేది 5,150. సమయం 15 గంటలు. గంటకు 345 రూపాయలు కూడా రాలేదు. పైగా చివరి గంటలో వేళ్లు లాగి గీతలు వంకరపోతాయి. ఆ వంకర గీతలనే చుట్టాలు తమ ఊళ్లకు చూపించుకుంటూ పోతారు. రేటు తగ్గించినందువల్ల వచ్చిన నష్టం కన్నా కొలత లేని ఒప్పందం వల్ల వచ్చిన నష్టమే ఇక్కడ ఎక్కువ.

తేదీ మొదట ఎవరికి తెలుస్తుంది

పెళ్లి కుదిరాక పనులు ఒక వరసలో నడుస్తాయి. పురోహితుడు ముహూర్తం పెడతాడు. వెంటనే కల్యాణ మండపం బుక్ చేస్తారు, ఎందుకంటే మంచి రోజుకు అది దొరకదు. తరువాత వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు. పెళ్లికి రెండు నెలల ముందు చీరలు, ఆ వెంటనే జాకెట్ల మీద మగ్గం వర్క్. నెల రోజుల ముందు శుభలేఖలు, బ్యూటీషియన్. గోరింటాకు గుర్తొచ్చేది సాధారణంగా ఆఖరున. ముందే బుకింగు కావాలనుకునే మనిషి ఈ వరసలో పైకి వెళ్లి నిలబడాలి. అంటే తేదీ ముందుగా తెలిసే వాళ్లకు తాను తెలిసి ఉండాలి.

వీరిలో అందరికన్నా పనికొచ్చేది మగ్గం వర్క్ చేసే దర్జీ దుకాణం. మండపం మేనేజరుతో మాట్లాడేది పెళ్లికూతురి తండ్రి. ఆయనకు గోరింటాకు ధ్యాస ఉండదు. జాకెట్ కొలతలకు మాత్రం పెళ్లికూతురే వస్తుంది, అక్కతోనో అమ్మతోనో. చేతుల మీద ఎంతవరకు వర్క్ కావాలి, జాకెట్ చేయి ఎంత పొడవు అన్న మాట అక్కడే తేలుతుంది. మోచేతి దాకా పట్టుచేయి ఉంటే గోరింటాకు కూడా అక్కడికే ఆగిపోతుంది. పెళ్లికి ఇంకా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండగా జరిగే ఈ మాటల్లో ఒక ఆల్బమ్, ఒక ఫోన్ నంబరు అక్కడ ఉంటే చాలు. బదులుగా తన దగ్గరికి వచ్చే పెళ్లికూతుళ్లకు ఆ దుకాణం పేరు చెప్పడం వాడుక. కమిషన్ ఇచ్చే చోట అది ఎంతో ముందే మాట్లాడుకుని, పెళ్లివారికి చెప్పే రేటులో కలిపి ఉంచుకోవాలి.

రెండో మంచి దారి నిశ్చితార్థం. ఆ రోజుకు అమ్మాయి ముంజేతి వరకు చిన్న డిజైను పెట్టించుకుంటుంది. పని తక్కువ, డబ్బూ తక్కువే. కానీ చాలా ఇళ్లలో ముహూర్తం పెట్టేది ఆ రోజునే. రంగు ఎలా పండిందో అమ్మాయి తన చేతి మీదే చూసుకుంటుంది, చర్మానికి పడుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. నిశ్చితార్థానికి పెట్టి, మూడో రోజున ఫోన్ చేసి రంగు ఎలా ఉందని అడిగి, పెళ్లి తేదీ రాసుకోవడం అనుభవజ్ఞులు తప్పక చేసే పని.

మూడో దారి చుట్టాల వరస. శుక్రవారం సాయంత్రం చేయి చాపి కూర్చున్న ఇరవై మందిలో పెళ్లీడు అమ్మాయిలు నలుగురైదుగురు ఉంటారు. వచ్చే మాఘంలో ఎవరి పెళ్లో ఆ గదిలోనే మాటల్లో దొర్లుతుంది. చుట్టాల డిజైను తొందరగా ముగించే పనే అయినా చేయి మీద గీత శుభ్రంగా ఉండాలనడానికి ఇదో కారణం.

ఇక ఆల్బమ్. అందులో ఎక్కువమంది పెట్టేది తడి ముద్ద ఫొటోలే. చూపుకు అవి బాగుంటాయి గానీ పెళ్లికూతురి తల్లి అడిగే మొదటి ప్రశ్న ‘ఎర్రగా పండుతుందా?’ దానికి జవాబు 48 గంటల తరువాత తీసిన ఫొటో. ఒకే చేయి తడి ముద్దతో, ముద్ద రాల్చాక, రెండో రోజున — ఈ మూడు ఫొటోలు పక్కపక్కన ఉంటే వేరే మాట అక్కర లేదు. ముఖం కనిపించే ఫొటో వాడాలంటే ఆ అమ్మాయి అనుమతి తీసుకోవాలి. ఇతరుల డిజైను ఫొటోలను తమవిగా చూపితే అదే డిజైను పెట్టమని అడిగిన రోజున బయటపడుతుంది.

అడ్వాన్సు, రాత

‘మీరే వచ్చి పెట్టాలి, తేదీ రాసుకోండి’ అన్నంత మాత్రాన బుకింగు కాదు. అడ్వాన్సు పడిన రోజే బుకింగు. సాధారణంగా మొత్తంలో మూడో వంతు నుంచి సగం వరకు తీసుకుంటారు. అడ్వాన్సు రాకముందు తేదీని మూడు రోజుల కన్నా ఎక్కువ ఆపి పెట్టకూడదు. ఆ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. డబ్బు అందిన వెంటనే పంపే సందేశం ఇలా ఉంటే తరువాత వాదన ఉండదు:

‘పెళ్లి శనివారం రాత్రి 2.10, తెల్లవారితే ఆదివారం. పెళ్లికూతురికి గురువారం మధ్యాహ్నం 2 నుంచి, చేతులు మోచేతి వరకు ఇరువైపులా, పాదాలు: 5,000. చుట్టాలకు శుక్రవారం సాయంత్రం 5 నుంచి 8 వరకు, ఇద్దరం: 4,000. అదనపు గంటకు 1,300. ఆటో 500. అడ్వాన్సు 3,500 అందింది. మిగతా 6,000 శుక్రవారం పని మొదలయ్యే ముందు. ముహూర్తం మారితే, కొత్త తేదీకి ఖాళీ ఉంటే అడ్వాన్సు అలాగే జమ. పెళ్లి రద్దయితే అడ్వాన్సు తిరిగి ఉండదు. చర్మ అలర్జీ ఏదైనా ఉంటే ముందే చెప్పగలరు.’

మిగతా డబ్బు ఎప్పుడన్న మాట ఇందులో ముఖ్యం. పెళ్లయ్యాక లెక్క చూస్తామన్న చోట డబ్బు రావడానికి వారాలు పడుతుంది. అప్పటికి చేతిలోని డబ్బంతా వంటవాళ్లకూ మండపానికీ పోయి ఉంటుంది. పెళ్లికూతురి పని అయిపోయి, చుట్టాల పని మిగిలి ఉన్న వేళ అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నోటు పుస్తకంలో ప్రతి ముహూర్తానికీ మూడు గళ్లు చాలు: ముందటి రోజుకు ముందు సాయంత్రం, ముందటి రోజు ఉదయం, ముందటి రోజు సాయంత్రం. పెళ్లికూతుళ్లను మొదటి రెండు గళ్లలో, చుట్టాలను మూడో గడిలో సర్దాలి. మొదట అడిగినవారికి వేళ ఎంచుకునే వీలు ఉంటుందని చెబితే, ముందే బుక్ చేసుకోవడానికి పెళ్లివారికీ ఒక కారణం దొరుకుతుంది. గళ్లు నిండాక వచ్చినవారిని ఇంకో మనిషికి అప్పజెప్పాలి. ఆ మనిషి తన గళ్లు నిండిన రోజున ఇటు పంపుతుంది.

అలంకరణకూ వడ్డనకూ తేడా

పసుపు వేడుకకో మెహందీకో ఇంటి వసారాలో చేసే చిన్న అలంకరణకు ముందస్తు బుకింగు ఉన్నా ఒక చిక్కు ఉంది. బంతి, చామంతి ధరలు ముహూర్తాల రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతాయి. హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్లోనైనా, గోదావరి జిల్లాల కడియపులంకలోనైనా అంతే. రెండు నెలల ముందు ఒప్పుకున్న రేటు ఆ తెల్లవారుజామున నష్టం తేవచ్చు. కాబట్టి కూలి, బట్ట, ఫ్రేము అద్దె ఒక లెక్కగా, పూలు ఆ రోజు ధరకు వేరే లెక్కగా మాట్లాడుకోవాలి. అలా ఒప్పుకోని చోట కాగితం పూలు, గుడ్డ తెరలు ఎక్కువగా, తాజా పూలు తక్కువగా ఉండే డిజైను చూపించాలి.

వడ్డనకు పెళ్లివారు నేరుగా ఎవరినీ పిలవరు. వంట మేస్త్రీనో క్యాటరింగ్ సూపర్‌వైజరో మనుషులను తెస్తాడు. కనుక ఇక్కడ ముందస్తు బుకింగు అంటే అతని జాబితాలో పైన ఉండటమే. చెప్పిన వేళకు ముందే రావడం, చివరి బంతి లేచేదాకా ఉండటం, ఆకులో ఏది ఎక్కడ వడ్డించాలో తెలిసి ఉండటం — పేరు పైకి వెళ్లేది వీటితోనే. కూలి, రాత్రి వేళ ఇంటికి చేర్చే బండి, భోజనం గురించి పనికి ముందే అడగాలి. అర్ధరాత్రి ముహూర్తాలకు తెల్లవారుజాము దాకా పని ఉంటుంది కాబట్టి, అది ఒక రోజు కూలా రెండు రోజులదా అన్నది కూడా అప్పుడే తేలాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఈ పనిలో పెట్టడం చట్టం ఒప్పుకోదు.

ముహూర్తం రోజున వడ్డించేవారికీ, ముందు రాత్రి అలంకరించేవారికీ ఒక తేదీకి ఒక్క పెళ్లే. గోరింటాకు నేర్చినవారు మాత్రం గురు, శుక్రవారాల్లో తమ గళ్లు పూర్తి చేసుకుని, శనివారం నాడు వడ్డనకో అలంకరణకో కూడా వెళ్లవచ్చు. ఒకే ఇంట్లో తల్లి గోరింటాకుకూ, కాలేజీ చదివే కొడుకు వడ్డనకూ వెళ్లే కుటుంబాలు ఒకే నోటు పుస్తకంతో ఏడాది పని నడుపుకునేది ఈ తేడాను ఆసరా చేసుకునే.